స్ట్రాటజీ పాడైందా, లేక రోజులు బాగోలేవా? లైవ్ ట్రేడ్లతో విన్ రేట్‌ను బేయీషియన్ పద్ధతిలో తూచడం

వరసగా ఆరు స్టాప్‌లాస్‌లు పడ్డాయని ఒకసారి ఒక మంచి స్ట్రాటజీని ఆపేశాను. ఆ తర్వాత రెండు నెలలు అది కాగితం మీద బాగా నడిచింది. ఇంకోసారి దానికి పూర్తిగా విరుద్ధంగా చేశాను. "బ్యాక్‌టెస్ట్‌లో ఇంతకన్నా పెద్ద డ్రాడౌన్ ఉంది కదా" అనుకుంటూ చచ్చిపోయిన స్ట్రాటజీని ఐదు నెలలు మోశాను. రెండుసార్లూ నా దగ్గర లేనిది ఒకటే: ఇప్పటిదాకా వచ్చిన ట్రేడ్లను బట్టి ఈ స్ట్రాటజీ పాడైపోయే అవకాశం ఎంత ఉందో చెప్పే ఒక అంకె. ఆ అంకెను ఎక్సెల్‌లోనే ఎలా తయారుచేసుకోవాలో, దాన్ని ఎంతవరకు నమ్మాలో ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణతో చెబుతాను.

ఉదాహరణకు నిఫ్టీ ఫ్యూచర్స్‌లో ఓపెనింగ్ రేంజ్ బ్రేకౌట్ తీసుకుందాం. ఉదయం మొదటి పదిహేను నిమిషాల హై దాటితే కొనడం, లో దాటితే అమ్మడం, సాయంత్రంలోపు బయటపడటం. కాలం 2025లో ఫిబ్రవరి తర్వాతి నెలలు, నిఫ్టీ 23,000 దగ్గర, లాట్ సైజు 75, రోజూ రెండు లాట్లు. ట్రేడ్ల ఫలితాలు లెక్క చూపడానికి నేను వేసుకున్నవి. ఛార్జీలు మాత్రం ఆ రోజుల్లో నిజంగా పడినవాటికి దగ్గరగా ఉంటాయి.

## ముందు గీత గీయాలి

"విన్ రేట్ 58 నుంచి 52కి పడింది" అన్నంత మాత్రాన ఏమీ తేలదు. ఎంతకు పడితే డబ్బు పోవడం మొదలవుతుందో ముందు తెలియాలి. దాన్ని బ్రేక్‌ఈవెన్ గీత అందాం.

మన స్ట్రాటజీలో సగటు లాభం 57 పాయింట్లు, సగటు నష్టం 43 పాయింట్లు అనుకుందాం. ఖర్చులు లేకపోతే నూటికి 43 గెలిస్తే చాలు. ఖర్చులు ఉన్నాయి కదా. 23,000 దగ్గర ఒక లాట్ విలువ 17.25 లక్షలు. అమ్మకం వైపు అప్పట్లో ఉన్న 0.02 శాతం ఎస్‌టీటీ అంటే 345 రూపాయలు. దానికి బ్రోకరేజ్, ఎక్స్ఛేంజ్ ఛార్జీలు, స్టాంప్ డ్యూటీ, జీఎస్టీ, పాయింటో పాయింటున్నరో స్లిప్పేజ్ కలిపితే లాట్‌కు సుమారు 600 రూపాయలు, అంటే 8 పాయింట్లు. లాభం 49కి దిగుతుంది, నష్టం 51కి ఎక్కుతుంది.

```
గీత = నష్టం / (లాభం + నష్టం) = 51 / (49 + 51) = 0.51
```

గీత 43 నుంచి 51కి జరిగింది. ఖర్చులు కలపకుండా విన్ రేట్ చూసుకునేవాళ్లు ఈ ఎనిమిది శాతం మధ్యలో పడి, గెలుస్తున్నామనుకుంటూనే ఓడిపోతుంటారు. 2024 అక్టోబర్ 1న ఫ్యూచర్స్ ఎస్‌టీటీని 0.0125 నుంచి 0.02 శాతానికి పెంచారు. 23,000 మీద ఆ తేడా 1.7 పాయింట్లు. మన ఉదాహరణలో గీత కూడా సరిగ్గా అంతే, 1.7 శాతం పైకి వెళ్లింది. స్ట్రాటజీలో ఒక్క అక్షరం మారకపోయినా దాని ఆయుష్షు అంత తగ్గింది.

58 శాతం గెలిస్తే ట్రేడ్‌కు మిగిలేది 0.58 × 49 − 0.42 × 51 = 7 పాయింట్లు. 51కి పడితే సున్నా. కాబట్టి మన ప్రశ్న "విన్ రేట్ ఎంత?" అని కాదు, "నిజమైన విన్ రేట్ 51 కన్నా కింద ఉండే అవకాశం ఎంత?" అని.

## బ్యాక్‌టెస్ట్‌ను ఎంత నమ్మాలి

బేయీషియన్ లెక్క ఖాళీ కాగితంతో మొదలవదు. మొదటి లైవ్ ట్రేడ్‌కు ముందే మీకు ఒక నమ్మకం ఉంటుంది. దాన్ని ప్రయర్ అంటారు. గెలుపు, ఓటమి అనే రెండే ఫలితాలు ఉన్నప్పుడు ఆ నమ్మకాన్ని బీటా డిస్ట్రిబ్యూషన్‌తో రాయడం చాలా తేలిక, ఎందుకంటే దానికి కావలసినవి రెండు అంకెలే. `a` అంటే మీ లెక్కలో ఇప్పటికే ఉన్న గెలుపులు, `b` అంటే ఓటములు. సగటు అంచనా `a/(a+b)`. `a+b` ఎంత పెద్దదైతే ఆ నమ్మకం అంత గట్టిది.

అసలు కష్టం ఈ రెండు అంకెలు ఎంచుకోవడంలోనే ఉంది. బ్యాక్‌టెస్ట్‌లో 400 ట్రేడ్లు, 244 గెలుపులు, 61 శాతం వచ్చాయనుకోండి. వాటిని ఉన్నవి ఉన్నట్టు దించుకోకూడదు. ఆ 61 శాతం ఎలా వచ్చింది? పది నిమిషాలు, పదిహేను, ఇరవై, ముప్పై, రకరకాల స్టాప్‌లు, టార్గెట్‌లు పెట్టి చూసి అన్నిటిలో బాగున్నదాన్ని ఏరుకుంటే వచ్చింది. ఏరుకున్నదానిలో కొంత అదృష్టం కలిసే ఉంటుంది. అందుకే నేను ఎంచుకున్న సెట్టింగ్‌కు అటూ ఇటూ ఉన్న పక్క సెట్టింగ్‌ల సగటు చూస్తాను. అది 58 వచ్చిందనుకుందాం, 58నే తీసుకుంటాను. పక్క సెట్టింగ్‌ల్లో 50కి పడిపోతే మాత్రం ఆ స్ట్రాటజీని లైవ్‌లోకే తీసుకెళ్లను.

ఇక బరువు. ఆ 58 శాతాన్ని 400 ట్రేడ్ల బరువుతో పెడితే అది చెవిటి నమ్మకం అవుతుంది. లైవ్‌లో 60 ట్రేడ్లకు 25 మాత్రమే గెలిచారనుకోండి. లెక్క ఇప్పటికీ 55.9 శాతం అంటుంది, గీత కింద ఉండే అవకాశం 2 శాతమే అంటుంది. ఇటు లైవ్‌లో డబ్బు పోతుంటే అటు షీట్ ఫర్వాలేదని చెబుతూ ఉంటుంది. దీనికి పూర్తి విరుద్ధం బ్యాక్‌టెస్ట్‌ను అసలు నమ్మకుండా `a=1, b=1`తో మొదలుపెట్టడం. అప్పుడు మొదటి మూడు ట్రేడ్లు ఓడిపోగానే గీత కింద ఉండే అవకాశం 94 శాతం అని చూపిస్తుంది. మూడు రోజులకే టెన్షన్ పెట్టే షీట్ వల్ల ఉపయోగం లేదు.

నేను సాధారణంగా బ్యాక్‌టెస్ట్‌ను 50 ట్రేడ్ల బరువుకు కుదిస్తాను. అంటే `a=29, b=21`. సగటు 58 శాతం. లైవ్‌లో అరవై డెబ్బై ట్రేడ్లు వచ్చేసరికి లైవ్ మాటే పైచేయి అవ్వాలన్న ఆలోచనతో పెట్టుకున్న అంకె ఇది, ఏ సిద్ధాంతం నుంచీ రాలేదు. మీ స్ట్రాటజీ నెలకు నాలుగు ట్రేడ్లే ఇస్తే 50 ట్రేడ్లు రావడానికి ఏడాది పైనే పడుతుంది కాబట్టి బరువు ఇంకా తగ్గించాలి. 25 నుంచి 30 సరిపోతుంది.

## ట్రేడ్ రాగానే ఏం చేయాలి

చేయాల్సిన పని చాలా చిన్నది. గెలిస్తే `a`కి ఒకటి కలపండి. ఓడితే `b`కి ఒకటి కలపండి. తర్వాత ఈ ఫార్ములా:

```
=BETA.DIST(0.51, a, b, TRUE)
```

`a`, `b` స్థానంలో ఆ అంకెలున్న గడులు ఇవ్వండి. ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ పనిచేస్తుంది. వచ్చే అంకె నిజమైన విన్ రేట్ 51 కన్నా కింద ఉండే అవకాశం. ఇకపై దీన్ని "పాడైన అవకాశం" అంటాను.

ఒక్క లైవ్ ట్రేడ్ కూడా పడకముందే ఇది 16 శాతం చూపిస్తుంది. చూసి కంగారు పడకండి, 50 ట్రేడ్ల నమ్మకంలో అంత అనుమానం ఉండటం సహజమే. ఇప్పుడు లైవ్ ట్రేడ్లు ఇరవై ఇరవైగా వస్తున్నాయనుకుందాం.

మొదటి ఇరవైలో 10 గెలుపులు. `a=39, b=31`, సగటు 55.7, పాడైన అవకాశం 21 శాతం. ఏమీ చేయక్కర్లేదు. రెండో ఇరవైలో 8 గెలుపులు. `a=47, b=43`, సగటు 52.2, అవకాశం 41 శాతం. మూడో ఇరవైలో 7 గెలుపులు. `a=54, b=56`, సగటు 49.1, అవకాశం 66 శాతం. నాలుగో ఇరవైలో 8. `a=62, b=68`, సగటు 47.7, అవకాశం 78 శాతం.

ఇక్కడ ఒక చిక్కు కనిపిస్తుంది. మూడో ఇరవై అయ్యేసరికి 60కి 25 గెలిచాం. నిజంగా 58 శాతం గెలిచే స్ట్రాటజీకి 60లో 25 లేదా అంతకన్నా తక్కువ రావడం నూటికి ఒక్కసారి కూడా జరగదు. అయినా లెక్క 66 దగ్గరే ఉంది. ఎందుకంటే ఈ సాదా బీటా లెక్క లోపల ఒక ఊహ దాగి ఉంది. విన్ రేట్ మొదటి నుంచీ ఒకే అంకె అనీ, మనకు అది తెలియదంతే అనీ అది అనుకుంటుంది. మన భయం అది కాదు. నిన్నటిదాకా 58 ఉండి ఇవాళ్టి నుంచి 45 అయిందేమోనని మన భయం. మారే అంకెను పట్టుకోవడానికి మారదనుకునే లెక్క వాడితే ఆలస్యం తప్పదు.

## పాతదాన్ని మెల్లగా మరిచిపోవడం

దీనికి మందు చాలా సులువు. కొత్త ట్రేడ్ కలిపే ముందు పాత `a`, `b` రెండింటినీ 0.98తో గుణించండి.

```
a = 0.98*a + (గెలిస్తే 1, లేకపోతే 0)
b = 0.98*b + (ఓడితే 1, లేకపోతే 0)
```

దీంతో 35 ట్రేడ్ల కిందటి ఫలితం బరువు సగానికి తగ్గుతుంది. వంద ట్రేడ్ల కిందటిది ఎనిమిదో వంతు దగ్గరకు వస్తుంది. మొత్తం బరువు ఎప్పుడూ 50 దగ్గరే ఆగుతుంది: 50 × 0.98 + 1 మళ్లీ 50. ప్రయర్ బరువు 50 పెట్టుకోవడానికి ఇదీ ఒక కారణం, రెండు అంకెలూ ఒకదానికొకటి సరిపోతాయి. 0.99 పెడితే బరువు వంద దాకా పోతుంది, లెక్క నెమ్మదిస్తుంది. 0.95 పెడితే ఇరవై ట్రేడ్లకు పడిపోతుంది, ప్రతి గాలికీ ఊగుతుంది.

అవే 80 ట్రేడ్లను, ప్రతి ఇరవైలో గెలుపులూ ఓటములూ కలగలిసి వచ్చాయనుకుని, ఈ పద్ధతిలో నడిపితే పాడైన అవకాశం 20 ట్రేడ్లకు 27 శాతం, 40కి 54, 60కి 80, 80కి 86. సాదా లెక్క 80 ట్రేడ్లకు చేరిన చోటికి ఇది 60కే చేరింది. రోజుకో ట్రేడ్ అనుకుంటే ఆ తేడా ఒక నెల.

ఈ వేగానికి మనం చెల్లించే ధర కూడా ఉంది. బరువు 50 దాటదు కాబట్టి ఈ లెక్కకు ఎన్నేళ్లయినా గట్టి నమ్మకం ఏర్పడదు. బాగున్న స్ట్రాటజీ మీద కూడా అప్పుడప్పుడు అబద్ధపు అలారం మోగుతుంది. ఎంత తరచుగా మోగుతుందో ముందే తెలుసుకోవాలి.

## అలారం గీతను ముందే పరీక్షించండి

చాలామంది 95 శాతం అనే అంకెను పుస్తకాల్లోంచి తెచ్చి పెట్టేస్తారు. ఈ షీట్‌లో 95 దాకా ఆగితే ఖాతాలో ఏమీ మిగలకపోవచ్చు. అలాగని 60కే ఆపేస్తే మంచి స్ట్రాటజీలన్నీ చేజారతాయి. పైగా పది ట్రేడ్లకోసారి తొంగి చూస్తూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు గీత దాటే అవకాశం పెరుగుతుంది. ఒక్కసారి చూసేటప్పటి లెక్క, పాతికసార్లు చూసేటప్పటి లెక్క ఒకటి కావు. మీ సొంత అంకెలతో దీన్ని నడపండి:

```python
import numpy as np
from scipy.stats import beta

def first_alarm(p, n=250, lam=0.98, a=29.0, b=21.0,
                line=0.51, cut=0.75):
    for t in range(1, n + 1):
        win = np.random.rand() < p
        a = lam * a + (1 if win else 0)
        b = lam * b + (0 if win else 1)
        if t % 10 == 0 and beta.cdf(line, a, b) > cut:
            return t
    return None

for p in (0.58, 0.45):
    r = [first_alarm(p) for _ in range(2000)]
    hit = [t for t in r if t is not None]
    print(p, len(hit) / len(r), np.median(hit) if hit else "-")
```

ఇది రెండు వేల ఊహా ఖాతాలను 250 ట్రేడ్ల చొప్పున నడుపుతుంది. మొదటి వరసలో స్ట్రాటజీ ఆరోగ్యంగా 58 దగ్గరే ఉంది. అక్కడ అలారం మోగిన నిష్పత్తి అంటే అబద్ధపు అలారాల నిష్పత్తి. రెండో వరసలో స్ట్రాటజీ నిజంగానే 45కి పడిపోయింది. అక్కడ అలారం ఎన్ని ఖాతాల్లో మోగిందో, మోగినవాటిలో మధ్యస్థంగా ఎన్ని ట్రేడ్లు పట్టిందో చూడండి. `cut` విలువను 0.65, 0.75, 0.85 చేస్తూ మూడుసార్లు నడపండి. ఒకటి తగ్గితే ఇంకొకటి పెరుగుతుంది, రెండూ బాగుండే అంకె దొరకదు. ఏడాదికి ఎన్ని అబద్ధపు అలారాలు భరించగలరో, ఎన్ని ట్రేడ్ల ఆలస్యం భరించగలరో మీరే నిర్ణయించుకోవాలి. గీతకూ మీ అంచనాకూ మధ్య తేడా తక్కువగా ఉంటే, ఉదాహరణకు 53, 51 అయితే, ఏ `cut` పెట్టినా ఈ పద్ధతి పనిచేయదు. అంత సన్నని తేడాను యాభై ట్రేడ్ల బరువుతో ఎవరూ పట్టుకోలేరు. అలాంటి స్ట్రాటజీని నేను అసలు మొదలుపెట్టను.

నా నియమం రెండు మెట్లది. పది ట్రేడ్లకోసారి మాత్రమే చూస్తాను. 60 దాటితే సైజు సగం చేస్తాను. 75 దాటితే డబ్బు ఆపేసి కాగితం మీద రాయడం కొనసాగిస్తాను. ఈ రెండు అంకెలూ లైవ్ మొదలుపెట్టక ముందే షీట్ పైన రాసి ఉంటాయి. నష్టంలో ఉన్నప్పుడు రాసుకునే నియమం నియమం కాదు, ఆ రోజు మూడ్ అంతే.

పై ఉదాహరణలో ఇది ఎలా పనిచేసిందో చూద్దాం. 40వ ట్రేడ్ దగ్గర 54, రెండు లాట్లు అలాగే ఉన్నాయి. తర్వాతి పదిలో 4 గెలుపులు. 50వ ట్రేడ్ దగ్గర అవకాశం 65, కాబట్టి ఒక లాట్. తర్వాతి పదిలో 3 గెలుపులు. 60 దగ్గర 80, ఆపేశాం. మొదటి యాభైలో 22 గెలుపులు, 28 ఓటములు కాబట్టి లాట్‌కు 350 పాయింట్ల నష్టం. రెండు లాట్లకు 52,500 రూపాయలు. చివరి పదిలో 210 పాయింట్లు, ఒకే లాట్ కాబట్టి 15,750. మొత్తం 68,250 పోయింది. ఈ పద్ధతి నష్టం లేకుండా బయటపడేయదు. స్ట్రాటజీ చచ్చిపోయిందని తెలుసుకోవడానికి కొంత ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎంతవరకు పోవచ్చో ముందే లెక్కేసుకుని, అంత నష్టాన్ని తట్టుకునే సైజుతోనే మొదలుపెట్టాలి.

ఇక వరస ఓటముల సంగతి. 58 శాతం గెలిచే స్ట్రాటజీకి 200 ట్రేడ్లలో ఎక్కడో ఒకచోట ఆరు వరస నష్టాలు వచ్చే అవకాశం దాదాపు సగం. నేను మొదట్లో చెప్పిన తప్పు అదే. ఆ ఆరు ఓటములనూ షీట్‌లో ఎక్కించి ఉంటే అంకె పైకి కదిలేదే, అప్పటిదాకా ఉన్న మంచి ట్రేడ్ల బరువు వల్ల ఆపమని మాత్రం చెప్పేది కాదు.

## షీట్‌లో ఏది ఎక్కించాలి

లెక్క ఎంత బాగున్నా లోపలికి వెళ్లే ట్రేడ్లు తప్పయితే మొత్తం పాడవుతుంది. నేను చూసిన షీట్లలో ఎక్కువగా మూడు తప్పులు కనిపిస్తాయి.

మొదటిది, భయపడి వదిలేసిన ట్రేడ్లను రాయకపోవడం. సిగ్నల్ వచ్చింది, మీరు తీసుకోలేదు. అది గెలిచినా ఓడినా స్ట్రాటజీ ఖాతాలోకే వెళ్లాలి, ఎందుకంటే మనం తూస్తున్నది స్ట్రాటజీని, మన ధైర్యాన్ని కాదు. నా షీట్‌లో "సిగ్నల్ ఫలితం", "నేను చేసింది" అని రెండు కాలమ్‌లు ఉంటాయి. `a`, `b` మొదటి కాలమ్‌తోనే నడుస్తాయి. రెండో కాలమ్ వేరేగా చూసుకుంటే చాలాసార్లు పాడైంది స్ట్రాటజీ కాదు, నేనే అని తేలింది.

రెండోది, ఒకే కదలికను రెండుసార్లు లెక్కపెట్టడం. ఒకే ఉదయం నిఫ్టీలోనూ బ్యాంక్ నిఫ్టీలోనూ బ్రేకౌట్ విఫలమైతే అవి రెండు సాక్ష్యాలు కావు, దాదాపు ఒకటే. రెండూ ఎక్కిస్తే షీట్ లేని నమ్మకం చూపిస్తుంది. రోజుకు ఒకటే ఎక్కించండి, లేదా ఒక్కోదానికి అర బరువు ఇవ్వండి. `a`కి 0.5 కలపడానికి లెక్కకు ఏ అభ్యంతరమూ లేదు.

మూడోది, గీతను ఒకసారి గీసి మరిచిపోవడం. విన్ రేట్ 58 దగ్గరే ఉండి, సగటు లాభం 49 నుంచి 43కి తగ్గిందనుకోండి. గీత 51/94, అంటే 54.3కి ఎక్కుతుంది. `a`, `b` చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, ట్రేడ్‌కు మిగిలేది మాత్రం సగానికి పడిపోతుంది. యాభై ట్రేడ్లకోసారి లైవ్ సగటు లాభనష్టాలను బ్యాక్‌టెస్ట్ సగటుతో సగం సగం కలిపి గీతను మళ్లీ గీయండి. ప్రతి వారం మారిస్తే ఒక పెద్ద లాభం వచ్చినప్పుడల్లా గీత కిందకు జారి మిమ్మల్ని మోసం చేస్తుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద లాభాల మీదే బతికే ట్రెండ్ స్ట్రాటజీలకు ఈ మొత్తం పద్ధతి సరిపోదు. అక్కడ గెలుపు శాతం కన్నా గెలుపు పరిమాణంలోనే కథంతా ఉంటుంది.

## మార్కెట్టే మారినప్పుడు

కొన్ని మార్పులను ట్రేడ్ల ద్వారా కనిపెట్టక్కర్లేదు, సర్క్యులర్‌లోనే రాసి ఉంటాయి. 2024 నవంబర్‌లో బ్యాంక్ నిఫ్టీ వీక్లీ ఎక్స్‌పైరీలు ఆగిపోయాయి. బుధవారం ఎక్స్‌పైరీ మీద కట్టుకున్న స్ట్రాటజీకి ఆ రోజుతో పాత డేటా అంతా లేని మార్కెట్‌కు చెందినదైపోయింది. 2025 సెప్టెంబర్ నుంచి నిఫ్టీ ఎక్స్‌పైరీ గురువారం నుంచి మంగళవారానికి మారింది. ఇలాంటప్పుడు 0.98 మెల్లగా మరిచిపోయేదాకా ఎదురుచూడకండి. ఆ రోజే `a`, `b` రెండింటినీ సగం చేయండి. సగటు మారదు, నమ్మకం మాత్రం సగానికి పడుతుంది, కొత్త ట్రేడ్ల మాట త్వరగా వినిపిస్తుంది. స్ట్రాటజీ ఆ మార్పు మీదే నేరుగా ఆధారపడి ఉంటే సగం కాదు, లైవ్ ఆపేసి కొత్త ప్రయర్‌తో మొదటి నుంచి రావాలి.

ఆపేసిన స్ట్రాటజీని తిరిగి తీసుకురావడానికి కూడా ఇదే షీట్ వాడతాను. కాగితం మీద సిగ్నల్స్ ఎక్కిస్తూనే ఉంటాను, ప్రతి దానికీ స్లిప్పేజ్ పాయింటున్నర తీసేసి. పాడైన అవకాశం మళ్లీ 35 కిందకు వచ్చి, ఆపేసిన తర్వాత కనీసం 30 సిగ్నల్స్ పూర్తయితే ఒక లాట్‌తో మొదలు. 35కీ 75కీ మధ్య అంత ఖాళీ కావాలనే పెట్టుకున్నాను. రెండూ దగ్గరగా ఉంటే నెలకోసారి ఆపడం, మొదలుపెట్టడం జరుగుతుంది, ప్రతిసారీ చెడ్డ రోజుల్లో లోపల ఉండి మంచి రోజుల్లో బయట ఉంటాం.